బ్రోచర్‌లో ఏం మార్చాను, ఎందుకు మార్చాను

అపార్ట్‌మెంటు బ్రోచర్ చేతికొస్తే ఎవరైనా ముందు బొమ్మలు చూస్తారు. ఆ వెంటనే చదరపు అడుగు రేటెంత అని అడుగుతారు. బొమ్మల మధ్య ఇరుక్కున్న వాక్యాలను ఆసాంతం చదివేవాళ్ళు తక్కువ. ఆ వాక్యాలను చదివి సరిచేయడం నా వృత్తి. ఏ సంస్థలోనూ ఉద్యోగం చేయను. పుస్తకాలు, నివేదికలు, కరపత్రాలు, బ్రోచర్లు ఎవరు ఇస్తే వాళ్ళకు చేసిపెడతాను. సరిచేసిన ప్రతిని వెనక్కి పంపేటప్పుడు దానితో పాటు ఒక ఉత్తరం తప్పకుండా జతచేస్తాను. ఏం మార్చాను, ఎందుకు మార్చాను, ఏది మార్చకుండా మీకే వదిలేశాను అన్నది అందులో రాస్తాను. మా వృత్తిలో దాన్ని కవర్ నోట్ అంటాం. నా పనిలో సగం విలువ ఆ ఒక్క పేజీలోనే ఉందని నమ్ముతాను.

సరిచేసిన ఫైలు తెరవగానే క్లయింటుకు కనిపించేవి ఎర్ర గీతలు. కామా మార్చినా ఎర్ర గీతే, ఫ్లాటు విస్తీర్ణం మార్చినా ఎర్ర గీతే. చూడ్డానికి రెండూ ఒకటే. బ్రోచర్ మొత్తం మీద ఇలాంటివి వందల్లో ఉంటాయి. సైటు దగ్గర కాంక్రీటు పోయిస్తూ ఫోన్లో ఫైలు చూసే మనిషికి వాటన్నిటినీ చదివే తీరిక ఎక్కడిది? అన్ని మార్పులనూ ఒక్క నొక్కుతో ఒప్పేసుకుంటాడు. లేదంటే ఇన్ని తప్పులా అని విసుక్కుని పాత ఫైలునే ప్రెస్సుకు పంపేస్తాడు. మొదటి దారిలో నేను అడిగిన ప్రశ్నలు జవాబు లేకుండానే అచ్చయిపోతాయి. రెండో దారిలో నా పని మొత్తం వృథా. అందుకే మార్పులను పేజీల వరసలో కాకుండా, వాటిని ఎవరు తేల్చాలి అన్న లెక్కన విడదీసి ఉత్తరం రాస్తాను.

ఒక ఉదాహరణ చూపిస్తాను. హైదరాబాద్‌లో మియాపూర్ దాటాక ఒక చిన్న బిల్డరు కడుతున్న అపార్ట్‌మెంటు అది. స్టిల్ట్ మీద 5 అంతస్తులు, అంతస్తుకు 6 చొప్పున 30 ఫ్లాట్లు. బ్రోచర్ ముందు ఇంగ్లిషులో తయారైంది, దాన్ని ఎవరో తెలుగులోకి మార్చారు. ఆ తెలుగు ప్రతి నా దగ్గరికి వచ్చింది. యజమానిని గుర్తుపట్టే వీలు లేకుండా కొలతలు, పేజీ నంబర్లు కొంచెం మార్చి, నేను పంపిన ఉత్తరాన్ని ఇక్కడ ఇస్తున్నాను.

"సార్, నమస్తే.

మీరు పంపిన 12 పేజీల తెలుగు బ్రోచర్‌ను చదివి, సరిచేసి పంపుతున్నాను. ఫైళ్ళు రెండు. ఒకదానిలో మార్పులన్నీ గుర్తులతో కనిపిస్తాయి. రెండోది గుర్తులు లేని శుభ్రమైన ప్రతి. మీకు తీరిక లేకపోతే ఈ ఉత్తరంలో రెండు, మూడు భాగాలు చూస్తే చాలు.

మొదటి భాగం, మిమ్మల్ని అడగకుండా చేసినవి. అచ్చుతప్పులు దిద్దాను. ప్రాజెక్టు పేరు మూడు రకాలుగా ఉంది, రెరా రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే అంతటా పెట్టాను. 'అందించబడును', 'నిర్మించబడును' అన్నవాటిని 'ఇస్తాం', 'కడతాం' అని మార్చాను. మాట ఇస్తున్నది మీరేనని కొనేవాళ్ళకు తెలియాలి.

రెండో భాగం, అర్థం మారేలా చేసినవి. వీటిని దయచేసి ఒక్కొక్కటిగా చూడండి. రెరా నంబరు చివరి పేజీ అడుగున ఉంటే ముఖపేజీకి తెచ్చి, పక్కన రెరా వెబ్‌సైటు చిరునామా చేర్చాను. ఇది చట్టం అడుగుతున్నది. 3వ పేజీలో 'మెట్రోకు 10 నిమిషాలు' తీసి 'మియాపూర్ మెట్రో స్టేషన్‌కు 8 కి.మీ.' అని పెట్టాను. 4వ పేజీ మ్యాపులో ఇంకా వేయని రోడ్డును చుక్కల గీతగా మార్చి 'ప్రతిపాదన' అని రాయమని డిజైనరుకు సూచించాను. 5వ పేజీలో 'అన్ని ఫ్లాట్లూ 100 శాతం వాస్తు' అన్నది తీసేశాను. 7వ పేజీ ప్లానులో 4వ నంబరు ఫ్లాటు వంటగది ఈశాన్యంలో ఉంది.

మూడో భాగం, మీరు మాత్రమే జవాబు చెప్పగలిగినవి. వీటిని నేను మార్చలేదు, పసుపు రంగుతో గుర్తుపెట్టాను. 1,150 చదరపు అడుగుల ఫ్లాటుకు కార్పెట్ ఏరియా ఎంత? 9వ పేజీ బొమ్మలో స్విమ్మింగ్ పూల్ ఉంది, 10వ పేజీలోని సదుపాయాల పట్టికలో లేదు, కడుతున్నారా? '18 నెలల్లో మీ చేతికి' అంటే ఎప్పటి నుంచి లెక్క? '24 గంటలూ మంజీరా నీరు' అన్నారు, కనెక్షన్ మంజూరైందా?

నేను చూడనివి కూడా చెప్పాలి. ఇంగ్లిషు బ్రోచర్, ధరల పట్టిక నా దగ్గరికి రాలేదు. 12వ పేజీ చివర చిన్న అక్షరాల్లో ఉన్న పేరాను చదివాను గానీ ముట్టుకోలేదు, అది మీ లాయరు చూడాల్సింది.

జవాబులు ఫోన్లో కాకుండా రాసి పంపండి, వాట్సాప్ అయినా ఫర్వాలేదు. అవి అందాక ఇంకో విడత చదివి ఇస్తాను. అచ్చుకు వెళ్ళే ముందు పీడీఎఫ్ ఒకసారి చూపించండి. ఈ రెండూ మన ఒప్పందంలో ఉన్నవే."

ఉత్తరం అంతే. ఇందులో ఎక్కడా 'తప్పు చేశారు' అన్న మాట ఉండదు. ఎవరు రాశారో, ఎవరు అనువదించారో నాకు అనవసరం. కారణం మాత్రం ప్రతి మార్పుకూ ఉంటుంది, అది కూడా వీలైనంత వరకు ఆ బ్రోచర్‌లోంచే తీసింది. 5వ పేజీలో ఉన్న మాట 7వ పేజీలో ఉన్న బొమ్మతో పొసగడం లేదని చూపిస్తే వాదనకు చోటుండదు. నాకు నచ్చలేదు కాబట్టి మార్చాను అంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు.

ఆ వాస్తు సంగతి ఎలా బయటపడిందో చెబితే ఈ పని ఎలా సాగుతుందో అర్థమవుతుంది. ప్లాను చూసేటప్పుడు నేను ముందు వెతికేది ఉత్తర దిక్కును చూపే చిన్న బాణాన్ని. మామూలుగా అది పైకి చూస్తుంది కాబట్టి పైన ఉత్తరం, కుడివైపు తూర్పు, కింద దక్షిణం అని కళ్ళు అలవాటు పడి ఉంటాయి. 4వ నంబరు ఫ్లాటు ప్లానులో వంటగది కుడివైపు కింది మూలలో ఉంది. బాణం చూడకపోతే అది ఆగ్నేయమే, వంటగదికి వాస్తు చెప్పే చోటే. కానీ ఆ ప్లాను పొడవుగా ఉండి పేజీలో ఇమడక డిజైనరు దాన్ని తిప్పి పెట్టాడు. దానితో పాటే బాణమూ తిరిగి కుడివైపు చూస్తోంది. అంటే కుడివైపు ఉత్తరం, కింద తూర్పు. అప్పుడు కుడివైపు కింది మూల ఈశాన్యం అవుతుంది. ప్రతి అంతస్తులోనూ ఆ నంబరు ఫ్లాటు ఒకటుంది, అంటే 30 ఫ్లాట్లలో 5 ఇళ్ళకు వంటగది ఈశాన్యంలో ఉన్నట్టు. వాస్తు మీద నా నమ్మకం, నా అపనమ్మకం ఇక్కడ ప్రశ్న కాదు. అడ్వాన్సు కట్టేముందు సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చే కుటుంబాలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ఆ సిద్ధాంతి బ్రోచర్‌లోని బాణాన్ని నేను చూసినట్టే చూస్తాడు. ఆ మాట ఉన్న చోట 'తూర్పు, పడమర ముఖద్వారాలతో ఫ్లాట్లు' అని పెట్టాను. అది ప్లానులో కనిపిస్తున్న నిజం.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న కార్పెట్ ఏరియాది. బ్రోచర్ అంతా 1,150 చదరపు అడుగులు అనే ఉంది. ఏ ఏరియానో చెప్పలేదు. అమ్మకాల్లో వాడే ఈ అంకెను సూపర్ బిల్టప్ ఏరియా అనో, సేలబుల్ ఏరియా అనో అంటారు. ఇంటి లోపలి జాగాతో పాటు బయటి గోడలు, బాల్కనీ, మెట్లు, లిఫ్టు, కారిడార్లలో ఆ ఫ్లాటుకు పడే వాటా అన్నీ ఇందులో కలిసి ఉంటాయి. రెరా అని మనం పిలిచే 2016 నాటి స్థిరాస్తి చట్టం మాత్రం కార్పెట్ ఏరియాకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. ఇంటి లోపల వాడుకోవడానికి వీలైన నేల, దానితో పాటు గదుల మధ్య అడ్డుగోడలు కింద పడే జాగా లెక్కలోకి వస్తాయి. బయటి గోడలు, పైపులు వెళ్ళే షాఫ్టులు, ఆ ఇంటికే చెందిన బాల్కనీ, ఓపెన్ టెర్రస్ రావు.

ప్లానులో గదుల కొలతలు ఉన్నాయి కాబట్టి నేనే కూడి చూశాను. హాలు, భోజనాల జాగా కలిపి 20 అడుగులకు 11, అంటే 220. పెద్ద పడకగది 14కి 11, అంటే 154. రెండోది 12కి 11, అంటే 132. వంటగది 80, రెండు బాత్రూములు కలిపి 72, పూజగది 20, మధ్యలో నడవ 48. మొత్తం 726 చదరపు అడుగులు. దీనికి అడ్డుగోడలు కలపాలి. 1,150కీ దీనికీ మధ్య దూరం చూస్తే, కొనేవాళ్ళకు ఈ రెండో అంకె చెప్పకుండా ఉండడం సరికాదనిపించింది.

అయినా ఆ 726ను బ్రోచర్‌లో రాసేయలేదు, ఉత్తరంలోనూ పెట్టలేదు. సంపాదకురాలు కూడిన అంకె ఇంజనీరు కొలిచిన అంకె కాదు. అడ్డుగోడల మందం నాకు తెలియదు, ప్లానులోని కొలతలు పూత వేశాక వచ్చేవో ముందువో తెలియదు. బయటి మనిషి లెక్క గట్టిన విస్తీర్ణం అచ్చయితే అది బిల్డరు ఇచ్చిన మాట అవుతుంది. అందుకే ప్రశ్నగా వదిలాను. నా కూడిక నాకు ఒకందుకు పనికొచ్చింది. ఎవరైనా తొందరలో 950 అని జవాబు పంపితే, అది కుదరదని పట్టుకోగలను. ఆర్కిటెక్టు దగ్గర నుంచి వచ్చిన జవాబు 774. నా 726కు అడ్డుగోడల కింద 48 కలవడం సహజంగానే ఉంది. రెండో విడతలో ఆ పేజీ ఇలా మారింది: కార్పెట్ ఏరియా 774 చదరపు అడుగులు, బాల్కనీ 60, సేలబుల్ ఏరియా 1,150. మిగిలిన 316 బయటి గోడలకూ ఉమ్మడి జాగాల వాటాకూ పోతుంది. కట్టే డబ్బులో ఇంటి లోపలి నేల సుమారు 67 శాతం అని కొనేవాళ్ళకు ఇప్పుడు తెలుస్తుంది.

ఈ మార్పుకు బిల్డరు గారు తేలిగ్గా ఒప్పుకోలేదు. ఉత్తరం చూడగానే ఫోన్ చేశారు. "కార్పెట్ ఏరియా రాస్తే ఫ్లాటు చిన్నదనుకుంటారు మేడం. పక్క వెంచర్ వాళ్ళెవరూ రాయట్లేదు" అన్నారు. ఆయన భయం అర్థం లేనిది కాదు. కానీ ప్రాజెక్టును రెరాలో నమోదు చేసేటప్పుడే ఎన్ని ఫ్లాట్లు, ఏ రకం, ఒక్కోదాని కార్పెట్ ఏరియా ఎంత, బాల్కనీ ఎంత అన్నది బిల్డరు రాసి ఇవ్వాలి. ఆయనా ఇచ్చారు. ఆ వివరాలు వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. "సార్, మీరు ప్రభుత్వానికి రాసిచ్చిన అంకెనే మీ బ్రోచర్‌లో పెట్టమంటున్నాను. కొనేవాళ్ళు దాన్ని అక్కడ చూసి మిమ్మల్ని అడగడం కంటే, మీరే ముందు చెప్పడం నయం కదా" అన్నాను. కాసేపు ఆలోచించి సరేనన్నారు.

రెరా నంబరు విషయంలో అంత చర్చ జరగలేదు. చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం బిల్డరు ఇచ్చే ప్రకటనలో గానీ ప్రాస్పెక్టస్‌లో గానీ రెరా వెబ్‌సైటు చిరునామా ప్రముఖంగా కనిపించాలి, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అమ్మకానికి పిలిచే కరపత్రమైనా బ్రోచర్ అయినా ఆ నిర్వచనంలోకే వస్తుంది. ఈ బ్రోచర్‌లో నంబరు ఉంది, చిరునామా లేదు. ఉన్న నంబరు కూడా ప్రింటింగ్ ప్రెస్సు పేరు పక్కన, భూతద్దం పెట్టుకుంటే తప్ప కనిపించనంత చిన్నగా ఉంది. ఇలాంటి ఉల్లంఘనకు ప్రాజెక్టు అంచనా వ్యయంలో 5 శాతం దాకా జరిమానా వేయొచ్చని చట్టంలో ఉంది. 12 కోట్ల ప్రాజెక్టు అనుకుంటే అది 60 లక్షల దాకా వెళ్ళొచ్చు. ఉత్తరంలో ఈ లెక్క రాయలేదు, భయపెట్టి ఒప్పించడం నాకు ఇష్టం ఉండదు. ఆయన అడిగితే చెప్పాను.

బొమ్మల దగ్గరికి వస్తే, అక్షరాలు చూసే మనిషికి బొమ్మలతో పనేమిటని చాలామంది అనుకుంటారు. బ్రోచర్‌లో బొమ్మ కూడా ఒక వాక్యమే. 9వ పేజీలో నీలిరంగు పూల్, దాని ఒడ్డున కుర్చీలు, వెనక మన అపార్ట్‌మెంటు. తర్వాతి పేజీలోని సదుపాయాల్లో జిమ్, పిల్లల ఆటస్థలం, వాకింగ్ ట్రాక్, జనరేటర్ ఉన్నాయి, పూల్ లేదు. అడిగితే తేలిందేమిటంటే, బొమ్మలు గీసిన కుర్రాడు ఇంకో ప్రాజెక్టుకు వాడిన పూల్‌ను ఇక్కడా పెట్టేశాడు. మంజూరైన ప్లానులో పూల్‌కు జాగానే లేదు. చట్టంలోని 12వ సెక్షన్ సరిగ్గా ఇలాంటి సందర్భానికే ఉంది. ప్రకటనలోనో ప్రాస్పెక్టస్‌లోనో చెప్పినదాన్ని నమ్మి, లేదా నమూనా ఇల్లు చూసి ఒకరు డబ్బు కట్టాక, అందులోని తప్పుడు సమాచారం వల్ల నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలి. కొన్నవాళ్ళు వద్దనుకుంటే కట్టిన సొమ్మంతా వడ్డీతో తిరిగి ఇవ్వాలి, పరిహారమూ ఇవ్వాలి. బిల్డరు గారు మారుమాట్లాడకుండా ఆ బొమ్మ తీయించారు. మిగిలిన బొమ్మల కింద 'ఊహాచిత్రం' అని చేర్చాం.

మంజూరు కాని మంజీరా నీరు, ఊహలో ఉన్న రోడ్డు కూడా ఇదే కోవలోవి. నీటి కనెక్షన్‌కు దరఖాస్తు మాత్రమే పెట్టారట. అందుకని 'బోరు నీరు ఉంది, మంజీరా కనెక్షన్‌కు దరఖాస్తు చేశాం' అని మారింది. మ్యాపులో అవుటర్ రింగ్ రోడ్డునూ ఇంకా పనే మొదలుకాని రోడ్డునూ ఒకే మందం గీతతో, ఒకే రంగులో గీశారు. చూసేవాళ్ళకు రెండూ ఉన్నట్టే అనిపిస్తుంది. చుక్కల గీత, పక్కన 'ప్రతిపాదన' అన్న ఒక్క మాట ఆ తేడా చెబుతాయి.

'మెట్రోకు 10 నిమిషాలు' అన్నది రాని బ్రోచర్ హైదరాబాద్‌లో ఉండదేమో. 8 కిలోమీటర్లు 10 నిమిషాల్లో వెళ్ళాలంటే గంటకు 48 కిలోమీటర్ల వేగంతో ఎక్కడా ఆగకుండా పోవాలి. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద కుదరొచ్చు. ఆఫీసు వేళల్లో మియాపూర్ వైపు ఆ వేగం ఎవరికీ దొరకదు. దూరం అయితే పొద్దున్నా సాయంత్రమూ ఒకటే. ఎవరైనా కొలిచి చూసుకోవచ్చు. అందుకే నేను నిమిషాలను తీసి కిలోమీటర్లు పెడతాను.

ఇక '18 నెలల్లో మీ చేతికి'. ఇది ఒక్కటే బ్రోచర్‌లోంచి తేలని ప్రశ్న. ఎప్పటి నుంచి లెక్క అన్నది రాయకపోతే ప్రతి కొనుగోలుదారూ తాను అడ్వాన్సు ఇచ్చిన రోజు నుంచే లెక్కపెడతాడు. బ్రోచర్ విడుదల నెల నుంచి లెక్కపెట్టినా, రెరాలో పూర్తి చేస్తామని రాసిచ్చిన తేదీ అంతకు ఆరు నెలల తర్వాత ఉంది. అంటే ప్రభుత్వానికి ఒక గడువు, జనానికి ఇంకో గడువు. ఆలస్యమైతే వడ్డీ కట్టాల్సింది బిల్డరే కాబట్టి తొందరపడి తక్కువ గడువు చెప్పడం ఆయనకే నష్టం. నెలల లెక్క తీసేసి, రెరాలో ఉన్న నెలా సంవత్సరమూ వేశాం.

చిన్న అక్షరాల పేరా గురించి కూడా ఆయన అడిగారు. 'ఇందులోని వివరాలు సూచన మాత్రమే, ఏ సమాచారమైనా ముందస్తు నోటీసు లేకుండా మార్చే హక్కు మాకు ఉంది' అని ఉంటుంది కదా, ఆ పేరా. "అది ఉంది కదా మేడం, ఇంక ఇవన్నీ ఎందుకు?" నేను లాయరును కాదు, ఆ పేరా ఏ కోర్టులో ఎంత నిలబడుతుందో తేల్చను. కానీ మంజూరైన ప్లానులో ఉమ్మడి జాగాలను మార్చాలంటే, ఫ్లాట్లు కొన్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలని చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. 12వ పేజీలో ఉన్న ఒక పేరా దాన్ని రద్దు చేయగలదని అనుకోకండి, మీ లాయరును అడగండి అని మాత్రం చెప్పాను.

ఆయన ఒప్పుకోని మార్పు ఒకటుంది. ముఖపేజీ మీద 'మీ కలల సౌధం' అని పెద్ద అక్షరాల్లో ఉంది. అరిగిపోయిన మాట, తీసేద్దామని అన్నాను. "అది మా నాన్నగారు పెట్టిన మాటండీ, ఉంచుదాం" అన్నారు. వెంటనే ఉంచేశాను. కార్పెట్ ఏరియా దగ్గర అంత పట్టుబట్టిన దాన్ని ఇక్కడ ఎందుకు వదిలానంటే, కలల సౌధం అన్న మాటతో ఎవరూ మోసపోరు. అది ఆయన అభిరుచి, ఆయన ఇల్లు, ఆయన బ్రోచర్. కొనేవాళ్ళు డబ్బు కట్టేది ఏ మాటను నమ్మి అన్నదే నేను పట్టుబట్టడానికి కొలత. ఈ తేడా పాటించకుండా ప్రతి విశేషణం మీదా యుద్ధం చేసే సంపాదకుల మాటను, అసలు విషయం వచ్చేసరికి క్లయింటు వినడం మానేస్తాడు.

ఉత్తరం పంపడంతో పని అయిపోదని చెప్పడానికి ఇంకో సంగతి ఉంది. మన దగ్గర బ్రోచర్లు ఇప్పటికీ చాలావరకు అను ఫాంట్లలో తయారవుతాయి. అవి యూనికోడ్ కావు. అందులోని తెలుగును తీసుకొచ్చి నా ఫైలులో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో మార్చుకుని చదువుతాను. నేను దిద్దిన తెలుగును డీటీపీ ఆపరేటర్ మళ్ళీ అను ఫాంట్లోకి తెచ్చుకోవాలి, లేదా కూర్చుని టైపు చేయాలి. ఈ రాకపోకల్లో ఒత్తులు ఊడిపోతాయి, అంకెలు తారుమారవుతాయి, పాత వాక్యం ఒకచోట అలాగే మిగిలిపోతుంది. అందుకే అర్థం మారే మార్పులన్నిటినీ ఉత్తరంలో పేజీ నంబరుతో సహా రాస్తాను. ఆపరేటర్‌కు ఆ కాగితమే ఆధారం. ఈ బ్రోచర్ చివరి పీడీఎఫ్‌లో 774 కాస్తా 747 అయి వచ్చింది. అక్షరదోషమైతే కళ్ళకు గుచ్చుకుంటుంది. అంకె తారుమారైతే పేజీ ఎంతో బాగున్నట్టే కనిపిస్తుంది. జవాబులు రాతలో పంపమని అడిగినందుకు ఫలితం అక్కడ దక్కింది. వాట్సాప్‌లో ఆర్కిటెక్టు పంపిన 774ను చూపించి, అచ్చుకు వెళ్ళకముందే సరిచేయించగలిగాను.

ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళకు నాదొక మనవి. బ్రోచర్ చేతికి రాగానే ముందు రెరా నంబరు ఎక్కడుందో చూడండి. తెలంగాణలో అయితే rera.telangana.gov.in, ఆంధ్రప్రదేశ్‌లో అయితే rera.ap.gov.in తెరిచి ఆ ప్రాజెక్టు వివరాలు వెతకండి. కార్పెట్ ఏరియా, పూర్తి చేసే తేదీ, మంజూరైన ప్లాను, ఈ మూడూ మీ చేతిలోని కాగితంతో సరిపోతున్నాయా అని చూసుకోండి. నంబరు లేకపోతే ఎందుకు లేదో అడగండి. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో కట్టేవాటికీ, 8 ఫ్లాట్లకు మించనివాటికీ నమోదు నుంచి మినహాయింపు ఉంది. ప్రీ లాంచ్ ఆఫర్ అని చెప్పి, నంబరు తర్వాత వస్తుందంటే డబ్బు కట్టకండి. నమోదు కాని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడానికే చట్టం ఒప్పుకోదు. అడ్వాన్సు ఇచ్చాక ఆ బ్రోచర్‌ను పారేయకుండా, రశీదులు దాచుకునే చోటే దాచండి. రేపు 12వ సెక్షన్ కింద పరిహారం అడగాల్సి వస్తే, మీరు ఏ మాట నమ్మి డబ్బు కట్టారో చూపించడానికి మీ దగ్గర ఉండే కాగితం అదే.